వారం రిపోర్టులో గుండ్రటి పై చార్టు పెట్టి బోల్తా పడ్డాను, రిటర్న్‌లకి ఏ చార్టు వాడాలి?

గోడౌన్_గోల: మాది ఆన్‌లైన్ ఆర్డర్ల గోడౌన్. ప్రతి సోమవారం వెనక్కొచ్చిన పార్సిళ్లు ఎందుకొచ్చాయో వారానికో పై చార్టు పెట్టి పంపుతాను. అడ్రస్ తప్పులు మొదటి వారం 30 శాతం, తర్వాత 25, తర్వాత 20. ముక్క సన్నబడుతోంది కదా అని మా సార్ మెచ్చుకుని, అడ్రస్‌లు సరిచూసే అమ్మాయిని వేరే పనికి మార్చేశారు. తీరా లెక్క చూస్తే మూడు వారాలూ అవే 60 పార్సిళ్లు!

పాత_ప్లానర్: మొత్తం రిటర్న్‌లు 200, 240, 300 అయ్యుంటాయి, అంతేనా? పై ఎప్పుడూ ఒకే సైజు గుండ్రం, మొత్తం పెరిగిన సంగతి అందులో కనబడదు. మీకు ఈ వారం వాటా కాదు, వారం వారం ఏం జరుగుతోందో కావాలి. కారణానికో గీత చొప్పున లైన్ చార్టు వేసి, అందులో శాతాలు కాకుండా పార్సిళ్ల సంఖ్యలే పెట్టండి.

చార్టులపిచ్చి: లైన్ ఎందుకండీ, 100 శాతం స్టాక్డ్ బార్ పెడితే మూడు వారాలూ పక్కపక్కనే కనిపిస్తాయిగా.

పాత_ప్లానర్: వాటాలు పోల్చడానికి బాగానే ఉంటుంది. కానీ అందులోనూ బార్లన్నీ ఒకే ఎత్తు, కాబట్టి మళ్లీ అదే బోల్తా.

నెల్లూరు_ఆపరేషన్స్: మా ఆఫీసులో కలర్ ప్రింటర్ లేదు, పై ముక్కలన్నీ బూడిద రంగులో వస్తున్నాయి, ఏం చేయాలి?

చార్టులపిచ్చి: అది వేరే బాధ లెండి 😀

గోడౌన్_గోల: లైన్ వేశా. అడ్రస్ గీత బల్లపరుపుగా ఉంది, పగిలినవి మాత్రం 50, 80, 135! పై చార్టులో ఈ ముక్క పెరుగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు, అందరి కళ్లూ అడ్రస్ మీదే. ఈ వారం కారణాలు పోల్చడానికి అడ్డం బార్ పెట్టా, కానీ పెద్దది అడుగుకి పోయింది.

పాత_ప్లానర్: డేటా పెద్ద నుంచి చిన్నకి సార్ట్ చేశాక, ఎక్సెల్‌లో కారణాల పేర్లున్న యాక్సిస్ మీద రైట్ క్లిక్ కొట్టి Format Axisలో Categories in reverse order టిక్ పెట్టండి.

లెక్కల_లక్ష్మి: ఏ చార్టైనా సరే, సున్నా నుంచే మొదలవ్వాలి.

పాత_ప్లానర్: బార్‌కి తప్పదు. 92 శాతం, 96 శాతం బార్లని 90 నుంచి మొదలుపెడితే రెండోది మూడింతల పొడవు కనిపిస్తుంది. గీతలో మనం చూసేది వాలు, పొడవు కాదు, కాబట్టి కొంచెం సడలించొచ్చు. స్కేలు మాత్రం ప్రతి వారం అదే ఉంచాలి.

లెక్కల_లక్ష్మి: గీత వాలు కూడా స్కేలు కుదిస్తే నిటారుగా లేస్తుంది, చూసేవాళ్లు టెన్షన్ పడతారు. నేను ఒప్పుకోను. ఇంతకీ ఆ మూడు వారాల్లో పంపిన ఆర్డర్లెన్ని? అవీ పెరిగితే 100 ఆర్డర్లకి ఎన్ని పగిలాయో గీయాలి కదా.

గోడౌన్_గోల: అది డిస్పాచ్ వాళ్ల షీట్‌లో ఉంది, వాళ్ల వారం శనివారంతో మొదలవుతుంది, మాది సోమవారంతో. ముందు అది కలపాలి.