కంపోస్ట్ పండిందో లేదో గింజలు మొలిపించి చూడాలా, వాసన చూస్తే చాలదా?

మిద్దెతోట_హన్మకొండ: వంటింటి చెత్త, ఎండాకులు, కొంచెం పేడ కలిపి చేసిన కంపోస్ట్ నల్లగా, మట్టి వాసనతో ఉంది. త్వరలో టమాటా, వంగ నారు పోయాలి. గింజలు మొలిపించి చూడకుండా వాడొద్దని ఒకరు, అదంతా దండగ పని అని ఇంకొకరు. మీరేమంటారు?

నారుమడి_బాబాయ్: దండగే. ఏళ్ల తరబడి నారు అమ్ముతున్నాను. కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు, ముక్కుకి ఘాటు రాకూడదు. ఈ రెండూ సరిపోతే వాడుకోవచ్చు.

గోదారిగట్టు: బాబాయ్ గారూ, మీ కుప్ప ట్రాక్టర్ లోడంత ఉంటుంది కాబట్టి వేడి లెక్క మీకు పనికొస్తుంది. బాల్చీ అంత డబ్బాలో వేడి నిలవదు, లోపల సగమే కుళ్లినా పైకి చల్లగానే ఉంటుంది. తడి ఆరిపోయిన కుప్పా అంతే. నీళ్లు చల్లితే మళ్లీ రాజుకుంటుంది. పండని కంపోస్ట్‌లో మిగిలే అమ్మోనియా, ఎసిటిక్ ఆమ్లం లాంటివి మన ముక్కుకి అందనంత తక్కువున్నా లేత వేరు తట్టుకోలేదు. నారుకి అదే చిక్కు. ఎదిగిన బెండ మొక్కకైతే నేనూ ఇంత టెన్షన్ పడను.

చేసే పద్ధతి ఇది. 50 గ్రాముల కంపోస్ట్‌ని అర లీటరు నీళ్లలో బాగా కలిపి, గంట ఆగి, పలచటి గుడ్డలో వడగట్టండి. రెండు ప్లేట్లలో టిష్యూ పేపర్ పరిచి, ఒకటి ఈ నీళ్లతో, రెండోది అవే మామూలు నీళ్లతో తడపండి. పేపర్ తడవాలి కానీ గింజలు మునగకూడదు. ఒక్కోదాంట్లో పది ముల్లంగి గింజలు పెట్టి, మూత వేసి, చీకట్లో మూడు రోజులు ఉంచండి. తర్వాత మొలకలు లెక్కపెట్టి వేళ్లు కొలవండి. వేళ్లు కొలవకపోతే పరీక్ష చేసినట్టే కాదు.

లక్ష్మి_కాకినాడ: మాకు పెసలు బాగానే మొలిచాయి, అదే కంపోస్ట్‌లో పోసిన మిరప నారు మాత్రం కాండం మొదట్లో మెత్తబడి పడిపోయింది. అంటే ఈ పరీక్ష నమ్మకూడదనేగా?

గోదారిగట్టు: కాదండీ, అది నారుకుళ్లు. తడి ఎక్కువై శిలీంధ్రం పట్టింది, ఈ పరీక్షలో అది దొరకదు. పెసల సంగతి వేరు. గింజలో సొంత తిండి దండిగా ఉంటుంది కాబట్టి చెడ్డ నీళ్లలోనూ మొలుస్తాయి. చిన్న గింజే కావాలి. 1981లో ఇటలీలో జుక్కోని బృందం ఈ పద్ధతి చెప్పినప్పుడు వాడినవి హలీం గింజలు. అవి తడవగానే జిగురు కడతాయి, కొలవడం విసుగు. ముల్లంగి నయం.

మిద్దెతోట_హన్మకొండ: చేశాను. మామూలు నీళ్లలో పదికి 9 మొలిచాయి, వేరు సగటున 30 మిల్లీమీటర్లు. కంపోస్ట్ నీళ్లలో 8 మొలిచాయి, కానీ వేరు 15 మాత్రమే. కొన కొంచెం గోధుమ రంగులో మొద్దుబారినట్టుంది, నూగు వేళ్లు దాదాపు లేవు. 8 మొలిచాయంటే పాసైనట్టేనా?

గోదారిగట్టు: మొలకలే చూస్తే పాస్ అనిపిస్తుంది. వేరుతో గుణించండి. 8 ఇంటూ 15 అంటే 120, రెండో ప్లేటుకి 9 ఇంటూ 30 అంటే 270. మీది 44 శాతం. 80 దాటితే భయం లేదంటారు, 50 లోపుంటే నారు దగ్గరికి రానివ్వరు. పది గింజల లెక్క కాబట్టి 75, 85 మధ్య తేడాని పట్టించుకోనక్కర్లేదు కానీ, 44 మాత్రం తక్కువేననడంలో అనుమానం లేదు.

నారుమడి_బాబాయ్: ఒప్పుకుంటా. కానీ నారు ట్రేలో కంపోస్ట్ పావు వంతే వేస్తాం, మిగతాది కొబ్బరి పొట్టు. ఈ వడగట్టిన నీళ్లకీ ఆ మిశ్రమానికీ పోలికేంటి?

గోదారిగట్టు: మంచి ప్రశ్న. సరైన పోలిక లేదు. అందుకే మీ మిశ్రమం ఒక కప్పులో, ఉత్త కొబ్బరి పొట్టు ఇంకో కప్పులో వేసి, ముల్లంగే విత్తి వారం చూడండి. ప్లేటు చెప్పేది కంపోస్ట్ సంగతి, కప్పు చెప్పేది మీ ట్రే సంగతి. రెండూ తేడాగా వస్తే నేను కప్పునే నమ్ముతాను. ప్లేటే ముఖ్యమనేవాళ్లూ ఉన్నారు.

లక్ష్మి_కాకినాడ: అయితే ఆ 44 కంపోస్ట్‌ని పారేయాలా?

గోదారిగట్టు: వద్దు. తడి ఆరకుండా, వారానికోసారి తిరగేస్తూ నెల ఉంచి మళ్లీ చేయమనండి. అంకె పెరిగితే ఇప్పటి చిక్కు పండకపోవడమేనన్నమాట. పెరగకపోతే ఉప్పుని అనుమానించాలి. అన్నం కూరలు, పచ్చళ్లు పడ్డ డబ్బాల్లో ఇది మామూలే, ఎన్ని నెలలు ఉంచినా ఉప్పు పోదు. కొబ్బరి పొట్టు పాలు పెంచాలి, లేదా పెద్ద మొక్కలకి వాడుకోవాలి.

నారుమడి_బాబాయ్: నెల ఆగితే టమాటా నారు అదను దాటిపోతుంది. ఈసారికి పాత పశువుల ఎరువుతో పోసుకోమనండి. దాన్ని కూడా ప్లేట్లో పెట్టమంటారేమో, మీ ఇష్టం.