"60,000 కొత్త కస్టమర్లు" అని డీలర్ల మీటింగ్‌లో చెప్పొచ్చా? (బ్రాండ్ లిఫ్ట్ రిపోర్ట్ గురించి)

మసాలా_మేనేజర్ (విజయవాడ)

మాది కారం, పసుపు, మసాలా పొడుల కంపెనీ. రెండు రాష్ట్రాల్లోనూ అమ్ముతాం. పోయిన నెల యూట్యూబ్‌లో ప్రకటన నడిపి, దాంతో పాటే బ్రాండ్ లిఫ్ట్ సర్వే పెట్టించాం. రిపోర్ట్ వచ్చింది. కంపెనీ విషయం కాబట్టి అంకెలు కాస్త మార్చి ఇస్తున్నాను.

రీకాల్ ప్రశ్నకి ప్రకటన చూపించిన గ్రూపులో 2,100 మంది జవాబిచ్చారు, అందులో 24% మంది చూశామన్నారు. చూపించని గ్రూపులో, అంటే కంట్రోల్‌లో, 1,900 మందికి 18%.

కన్సిడరేషన్, అంటే మా బ్రాండ్ కొనే ఆలోచన ఉందా అన్న ప్రశ్నకి, చూపించిన వైపు 2,000 మందిలో 32.5%, కంట్రోల్‌లో 1,800 మందిలో 31%.

ప్రకటన మొత్తం 40 లక్షల మందికి చేరింది. ఏజెన్సీ స్లైడ్‌లో "రీకాల్ 33% పెరిగింది, 60,000 మంది కొత్తగా మన బ్రాండ్ వైపు చూస్తున్నారు" అని రాశారు. మా ఎండీ గారు దాన్ని "60,000 కొత్త కస్టమర్లు" చేసి డీలర్లకి చెబుదామంటున్నారు. నాకెందుకో తేడా కొడుతోంది. ఇంకో డౌట్: అసలు ప్రకటనే చూపించని వాళ్లలో 18% మంది చూశామని ఎలా అన్నారు? సర్వేలోనే లోపమా?

మీడియాబయ్యర్_హైద్

33% అనేది తప్పేం కాదు బ్రో. 18 మీద 6 పెరిగింది, 6ని 18తో భాగిస్తే 33. దాన్ని రెలటివ్ లిఫ్ట్ అంటారు, అందరూ అదే చూపిస్తారు. కన్సిడరేషన్ మాత్రం మర్చిపోండి. రిపోర్ట్‌లో దాని పక్కన గ్రే కలర్‌లో ఏదో రాసి ఉంటుంది చూడండి. అంటే ప్రభావం లేనట్టే. వచ్చేసారి ఆ ప్రశ్న తీసేసి రీకాల్ ఒక్కటే పెట్టుకోండి, డబ్బు మిగులుతుంది.

శాంపిల్_శర్మ

ముందు ఆ 18% సంగతి. అది లోపం కాదు, కంట్రోల్ గ్రూపు ఉన్నదే అందుకు. మీ పాత ప్రకటన ఎప్పుడో టీవీలో చూసినవాళ్లు, వేరే కారం కంపెనీ ప్రకటన చూసి మీదే అనుకున్నవాళ్లు, వీడియో తొందరగా మొదలవ్వాలని ఏదో ఒకటి నొక్కేసినవాళ్లు, అందరూ అందులో ఉంటారు. వీళ్లంతా రెండు గ్రూపుల్లోనూ దాదాపు సమానంగానే ఉంటారు, ఎవరికి చూపించాలో ఎవరికి ఆపాలో సిస్టమ్ చీటీ తీసినట్టు ఎంచుతుంది కాబట్టి. అందుకే 24ని విడిగా చూడకూడదు. మీ ప్రకటన తెచ్చింది 24 మైనస్ 18, అంటే 6 పాయింట్లు.

ఇప్పుడు 33% దగ్గరికి వద్దాం. లెక్క తప్పు కాదు, వినేవాడికి అర్థమయ్యేది తప్పు. "రీకాల్ 33% పెరిగింది" అంటే డీలర్ ఏమనుకుంటాడు? వందలో 33 మందికి గుర్తుందనుకుంటాడు. గుర్తున్నామన్నది వందలో 24 మంది, అందులో ప్రకటన వల్ల వచ్చింది 6. ఎవరికీ తెలియని కొత్త బ్రాండ్‌కి కంట్రోల్ 2% ఉండి, చూపించిన వైపు 4% వచ్చినా "100% పెరిగింది" అని స్లైడ్ వేసేస్తారు. కాబట్టి పాయింట్లలో చెప్పండి, రెండు శాతాలూ పక్కనే రాయండి.

ఆ 6 కూడా కచ్చితంగా 6 కాదు. మీ శాంపిల్‌తో లెక్కేస్తే, 95% నమ్మకంతో, సుమారు 3.5 నుంచి 8.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సున్నాకి దూరంగా ఉంది కాబట్టి రీకాల్ పెరిగిందని ధైర్యంగా చెప్పొచ్చు.

కన్సిడరేషన్‌లో తేడా 1.5 పాయింట్లు. అదే లెక్క వేస్తే మైనస్ 1.5 నుంచి ప్లస్ 4.5 దాకా వస్తుంది. మీ 60,000 ఎలా వచ్చిందో తెలుసా? 40 లక్షల్ని 1.5%తో గుణించారు, అంతే. అదే గుణకారం ఆ రెండు అంచులతో చేస్తే మైనస్ 60,000 నుంచి 1,80,000 వరకు వస్తుంది. ఆ స్లైడ్ ఎండీ గారికి చూపించండి, ఆయనే తీసేయమంటారు.

@మీడియాబయ్యర్ గారూ, "ప్రభావం లేనట్టే" అన్న మాట ఒప్పుకోను. లేదని తేలలేదు, ఉందనీ తేలలేదు. 31% దగ్గర ఉన్న బ్రాండ్‌కి 1.5 పాయింట్ల తేడాని నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు సుమారు 15,000 జవాబులు కావాలి. వీళ్లకి వచ్చినవి 2,000. నిజంగానే ప్రభావం ఉన్నా ఈ సర్వేకి అది కనబడే అవకాశం తక్కువ.

మీడియాబయ్యర్_హైద్

సరే, ఆ 15,000 సంగతి నేను ఆలోచించలేదు. కానీ క్లయింట్‌కి "తేలలేదు" అని చెప్తే మళ్లీ బడ్జెట్ ఇస్తాడా సార్? ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం.

సుధ_బొటిక్

మాది నెల్లూరులో చీరల బొటిక్. ఇన్‌స్టాలో రీల్ బూస్ట్ చేస్తుంటాను, నెలకి 5,000 దాకా. పోయిన వారం ఒక రీల్‌కి వ్యూస్ మూడింతలు వచ్చాయి. అది బ్రాండ్ లిఫ్ట్ అవుతుందా? సర్వే నేనూ పెట్టుకోవచ్చా?

శాంపిల్_శర్మ

కాదండీ సుధ గారూ. వ్యూస్ అంటే ఎంతమందికి కనబడిందన్నది. లిఫ్ట్ అంటే కనబడినవాళ్లకీ కనబడనివాళ్లకీ మధ్య జవాబుల్లో తేడా. ఆ సర్వే దొరకాలంటే ఖర్చు ఒక కనీస స్థాయి దాటాలి, 5,000తో దొరకదు. దొరికినా మీ స్థాయిలో వచ్చే జవాబులతో ఏమీ తేలదు. షాపుకి వచ్చిన వాళ్లని "మా గురించి ఎలా తెలిసింది" అని అడిగి బిల్లు బుక్‌లో రాసుకోండి. అది లిఫ్ట్ కాదు కానీ మీకు అంతకంటే పనికొస్తుంది.

పద్మ_ఫీల్డ్‌వర్క్

నేను ఇరవై ఏళ్లకి పైగా ఇంటింటి సర్వేలు చేయిస్తున్నాను. ఇవన్నీ లేని రోజుల్లో మేం వేరేలా చేసేవాళ్లం. ఒక పెయింట్ కంపెనీకి చేశాం. "ప్రకటన గుర్తుందా" అని అడిగి, గుర్తున్నవాళ్లనీ లేనివాళ్లనీ వేరు చేసి, ఎవరు ఈ బ్రాండ్ కొంటామన్నారో పోల్చేవాళ్లం. గుర్తున్నవాళ్లలో కొంటామనేవాళ్లు రెట్టింపు ఉండేవారు. క్లయింట్‌కి భలే నచ్చేది. మసాలా గారు కూడా అలా చూడొచ్చు కదా, తేడా బాగా కనిపిస్తుంది.

శాంపిల్_శర్మ

పద్మ గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. కానీ ఆ పోలికలో చిక్కుంది. ఇంట్లో ఆ బ్రాండ్ డబ్బా ఉన్నవాడికే దాని ప్రకటన కంటపడుతుంది, గుర్తుంటుంది. అంటే కొనడం వల్ల గుర్తుండటం, గుర్తుండటం వల్ల కొనడం కాదు. 1960లలో అమెరికాలో రోసర్ రీవ్స్ అనే పేరున్న అడ్వర్టైజింగ్ మనిషి ఇలాగే పోల్చి ప్రకటనల బలం లెక్కగట్టేవాడు. చివరికి ఆ పొరపాటుకి ఆయన పేరే పెట్టారు. చీటీ తీసినట్టు ముందే గ్రూపులు విడగొట్టేది ఈ గొడవ లేకుండా ఉండటానికే.

పైగా మసాలా గారి డేటాతో అది కుదరదు. యూట్యూబ్ సర్వేలో ఒక మనిషికి ఒక్క ప్రశ్నే వస్తుంది. రీకాల్‌కి జవాబిచ్చినవాళ్లు వేరు, కన్సిడరేషన్‌కి ఇచ్చినవాళ్లు వేరు. "గుర్తున్నవాళ్లలో ఇంతమంది కొంటామన్నారు" అనే వాక్యం ఈ రిపోర్ట్ నుంచి రాయడం కుదరని పని. ఎవరైనా రాసిస్తే అది కల్పితమే.

పద్మ_ఫీల్డ్‌వర్క్

అది మాకూ తెలుసు నాయనా, కొనేవాళ్లనీ కొననివాళ్లనీ వేరుచేసి మళ్లీ చూసేవాళ్లం. అయినా పూర్తిగా పోదంటావా, ఒప్పుకుంటాను. నేను అడిగేది వేరే. ఆ ప్రశ్న తెలుగులో ఎలా రాశారు? ఆప్షన్లు ఏమిచ్చారు?

మసాలా_మేనేజర్ (విజయవాడ)

"వచ్చేసారి మసాలా పొడులు కొనేటప్పుడు ఈ బ్రాండ్లలో వేటిని పరిగణనలోకి తీసుకుంటారు?" అని ఉంది. మాది, ఇంకో నాలుగు బ్రాండ్లు, కింద "వీటిలో ఏదీ కాదు". ఆ నాలుగూ మేమే ఇచ్చాం. మార్కెట్‌లో అన్నిటికంటే పెద్ద బ్రాండ్‌ని కావాలనే పెట్టలేదు.

పద్మ_ఫీల్డ్‌వర్క్

"పరిగణనలోకి తీసుకుంటారు" అని మా పిల్లల చేత అడిగిస్తే తలుపేసేవాళ్లు. "వీటిలో ఏవి కొనే ఆలోచన ఉంది" అంటే సరిపోయేది. పెద్ద బ్రాండ్‌ని తీసేశారు కాబట్టి మీ 31% కొంచెం ఉబ్బి ఉంటుంది. "తెలుగువాళ్లలో మూడో వంతు మా కారమే కొంటామంటున్నారు" అని మాత్రం ఎక్కడా అనకండి.

శాంపిల్_శర్మ

పద్మ గారు చెప్పింది నిజం. అయితే ఆ ఉబ్బు రెండు గ్రూపుల్లోనూ ఉంటుంది కాబట్టి 1.5 అనే తేడా దానివల్ల అబద్ధం అయిపోదు. విడి శాతాల్ని మార్కెట్ వాటాలా చదవడమే తప్పు.

మసాలా_మేనేజర్ (విజయవాడ)

ఇంకొకటి. ఏజెన్సీ వాళ్లు వయసు, ఊరు, ఆడ, మగ అని 12 ముక్కలు చేసి ఇచ్చారు. విశాఖలో 25–34 ఏళ్ల మహిళల్లో కన్సిడరేషన్ 9 పాయింట్లు పెరిగిందట. వచ్చే నెల బడ్జెట్ అక్కడే పెట్టమంటున్నారు.

శాంపిల్_శర్మ

అందులో ఒక్కో వైపు ఎన్ని జవాబులో చూడండి.

మసాలా_మేనేజర్ (విజయవాడ)

140, 140.

శాంపిల్_శర్మ

అంతే. 140 మందితో 10, 11 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. 9 అన్నది ఆ ఊపులోపలే ఉంది. పైగా 12 ముక్కల్లో వెతికి అన్నిటికంటే పెద్దదాన్ని తీసి చూపించారు. ఏ ప్రభావం లేకపోయినా 12లో ఏదో ఒకటి అలా పైకి కనబడే అవకాశం బాగానే ఉంది. కింద ఎక్కడో మైనస్ వచ్చిన ముక్క కూడా ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. విశాఖలో పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ అక్కడ మళ్లీ విడిగా సర్వే పెట్టి అదే ఫలితం వస్తుందేమో చూడాలి.

రాజు_డిస్ట్రిబ్యూటర్

ఇన్ని లెక్కలెందుకండీ. మా గోడౌన్‌లో ఆ నెల కారం అమ్మకం బాగా పెరిగింది. ప్రకటన పనిచేసినట్టే కదా.

మీడియాబయ్యర్_హైద్

రాజు గారూ, అది ఆవకాయల సీజన్. అందరి కారమూ పెరుగుతుంది 😄

రాజు_డిస్ట్రిబ్యూటర్

మా దగ్గర వేరే బ్రాండ్లు అంత పెరగలేదు మరి. అది కూడా లెక్కలోకి రావాలి.

శాంపిల్_శర్మ

రావాలి, కాదనను. కానీ మీ ఒక్క గోడౌన్‌లో అది స్కీమ్ వల్లా, సేల్స్‌మన్ వల్లా, ప్రకటన వల్లా అన్నది చెప్పలేం. లిఫ్ట్ సర్వే కూడా చెప్పదు. కొంటామని స్క్రీన్ మీద నొక్కడం వేరు, కొట్లో డబ్బు ఇచ్చి కొనడం వేరు. కొన్ని జిల్లాల్లో ప్రకటన నడిపి, అలాంటివే కొన్ని జిల్లాల్లో ఆపి, అమ్మకాలు పోల్చుకుంటే కొంత తెలుస్తుంది.

మసాలా_మేనేజర్ (విజయవాడ)

స్లైడ్ ఇలా మార్చాను, చూడండి: "యూట్యూబ్ ప్రకటన వల్ల గుర్తుందన్నవారు 18% నుంచి 24%కి చేరారు. కొనే ఆలోచనలో పెరుగుదల ఉందో లేదో ఈ సర్వేతో తేలలేదు." రెండో వాక్యం ఎండీ గారు ఉంచుతారో లేదో సోమవారం తెలుస్తుంది.

ఒక డౌట్ మిగిలింది. అదే నెల టీవీలో కూడా మా ప్రకటన నడిచింది. దానివల్ల లిఫ్ట్ తక్కువ కనబడి ఉంటుందా?

శాంపిల్_శర్మ

ఉండొచ్చు. టీవీ రెండు గ్రూపులకీ కనబడుతుంది, అందుకే మీకు వచ్చిన 6 అన్నది టీవీ పైన యూట్యూబ్ అదనంగా తెచ్చినది. ఇంట్లో ఒకే ఫోన్ నలుగురు వాడినా తేడా తగ్గుతుంది. ఎంత తగ్గిందో ఈ రిపోర్ట్‌లో తెలియదు. "టీవీ లేకపోతే ఇంకా ఎక్కువ వచ్చేది" అని మాత్రం స్లైడ్‌లో పెట్టకండి.

మీడియాబయ్యర్_హైద్

టీవీ లేకపోతే తక్కువ కూడా రావచ్చు సార్. టీవీలో ఒకసారి చూసినవాడికి యూట్యూబ్‌లో రెండోసారి కనబడితేనే గుర్తుంటుంది. మా క్లయింట్ల దగ్గర నేను అలానే చూశాను.

శాంపిల్_శర్మ

అది కూడా జరగొచ్చు. టీవీ ఆపిన నెలలో ఇదే సర్వే పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి.