"నికర పరిమాణం" అన్నచోట "బరువు" అని రాయవచ్చునా?

మలక్‌పేట అనువాదకురాలు: ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఒకరి పేజీని తెలుగు చేసే పని నాకు వచ్చింది. అందులో Net Quantity అని ఒక గడి, Item Weight అని మరొక గడి ఉండగా, రెండింటికీ "బరువు" అనే రాశాను. మొదటి దానిలో 500 గ్రాములు, రెండవ దానిలో 710 గ్రాములు ఉన్నాయి. ఒక కొనుగోలుదారు 710 గ్రాముల గోంగూర పచ్చడి వస్తుందనుకుని, అరకిలోనే వచ్చిందని ఫిర్యాదు చేశారు. మొదటి గడికి "నికర పరిమాణం" అనవలసిందేనా, "నికర బరువు" అంటే చాలదా?

తూనికలు కొలతల శాఖ విశ్రాంత ఉద్యోగి: ఆ తేడా 210 గ్రాములు సీసాది, మూతది అయి ఉంటుందమ్మా. ఖాళీ సీసాను మూతతో సహా తూచి, నిండు సీసా తూకంలోంచి తీసేస్తే మిగిలేదే నికరం. రెండవ గడి కొరియర్ వాళ్ళ కోసం పెట్టినది కనుక దానికి "సీసాతో కలిపి బరువు" అని రాయండి. ఇక పచ్చడికి "నికర బరువు" అన్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ అదే పేజీలో నువ్వుల నూనెను లీటర్లలోనూ, అప్పడాలను లెక్కతోనూ అమ్మితే "బరువు" అతకదు. మూడింటికీ సరిపోయేది "పరిమాణం" ఒక్కటే.

తెలుగు అధ్యాపకుడు: "నికర" అనే మాట మీద నాకొక సందేహం ఉంది. కృష్ణా జలాల వివాదంలో నూటికి 75 ఏళ్ళలో తప్పక దొరుకుతుందని లెక్కగట్టిన నీటిని మనం "నికర జలాలు" అంటున్నాము. ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీలు అటువంటివే. అక్కడ నికరమంటే ఖాయంగా దొరికేది కనుక, సీసా మీద "నికర" అంటే "కనీసం ఇంత" అనే అర్థం కూడా వస్తుంది. కాబట్టి "కనీసం 500 గ్రాములు" అని రాస్తే ఇంకా తేటగా ఉంటుంది కదా?

విశ్రాంత ఉద్యోగి: మాట గురించి మీరు చెప్పినది నిజమే మాస్టారూ, కానీ సీసా మీద పనిచేసే అర్థం అది కాదు. "నికర లాభం" అన్నప్పుడు ఖర్చులు పోగా మిగిలినది అంటామే, ఇక్కడున్నది ఆ నికరమే. పైగా 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం పరిమాణం పక్కన "కనీసం", "సుమారు", "సగటున" వంటి మాటలు చేర్చకూడదు. అంకె, దాని వెనుక ప్రమాణం, అంతే. ఇంగ్లిషులో 500 g అని రాయాలి, gms అని రాయకూడదు.

దిల్‌సుఖ్‌నగర్ సకినాల వ్యాపారి: అన్నా, నా సంగతి వేరు. నేను లేబులంతా అచ్చ తెలుగులో వేయించి, దాని ఫొటో పేజీలో పెడితే, వివరాలు లేవని తిప్పి పంపారు. తెలుగంటే అంత చులకనా?

విశ్రాంత ఉద్యోగి: చులకన సంగతి అటుంచితే, లేబులు మీది తప్పనిసరి వివరాలు దేవనాగరి లిపిలో హిందీలో గాని, ఇంగ్లిషులో గాని ఉండి తీరాలి. తెలుగును దానికి అదనంగా వేసుకోవచ్చు. పేజీ విషయానికి వస్తే, తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, ధర వంటివి తెర మీదే కనిపించాలి, తయారైన నెల, సంవత్సరానికి మాత్రం అక్కడ మినహాయింపు ఉంది. సీసా వెనుక వైపు తీసిన ఫొటోలో ఫోన్ మీద అక్షరాలు ఆనవు. అందుచేత ధర కిందనే పాఠంగా రాయడం మేలని నా అభిప్రాయం. సకినాలు ఒకరు చేసి మరొకరు ప్యాక్ చేస్తే "తయారీదారు" అని ఒక్కరి పేరే వేసి ఊరుకోకూడదు, ఇద్దరి పేర్లూ చిరునామాలూ కావాలి.

అనువాదకురాలు: సీసా మీద తెలుగు అదనంగా వేస్తే చోటు సరిపోతుందా అండీ?

విశ్రాంత ఉద్యోగి: అందరూ తప్పేది అక్కడే. పరిమాణం చుట్టూ ఖాళీ వదలాలి. అంకె ఎత్తు 4 మిల్లీమీటర్లయితే పైనా కిందా 4 చొప్పున, అటూ ఇటూ 8 చొప్పున ఏ అచ్చూ ఉండకూడదు. మీ "నికర పరిమాణం" అన్న తెలుగు మాటను ఆ ఖాళీలోకి దూర్చకుండా దూరంగా మరొక వరుసలో వేయించండి.

అధ్యాపకుడు: అయితే Country of Origin మాటేమిటి? "మూల దేశం" అని చాలాచోట్ల చూస్తున్నాను, నాకది వంశవృక్షం వెతుకుతున్నట్టు వినిపిస్తుంది. "తయారైన దేశం" అనవచ్చు గదా?

విశ్రాంత ఉద్యోగి: ఫోనుకో మిక్సీకో అనవచ్చు. ఇరాన్ నుంచి వచ్చిన ఖర్జూరాలను బేగంబజార్‌లో ప్యాకెట్లలో నింపితే ఏమంటారు? ఖర్జూరం తయారు కాదు, కాస్తుంది. నింపినది హైదరాబాదులోనే అయినా, ఆ గడిలో రావలసినది ఇరాన్.

సకినాల వ్యాపారి: "పండిన దేశం" అంటే?

అనువాదకురాలు: ఖర్జూరానికి బాగుంది, పక్క గడిలోని స్టీలు డబ్బాకు ఎలా వాడను? ప్రస్తుతానికి "మూల దేశం" అనే ఉంచుతున్నాను, ఇంతకంటే మంచి మాట తడితే చెప్పండి.