పాత వాషర్ అమ్మి కొత్తది కొన్నాను: తరుగుదల పూర్తిగానా, సగమా?

గుంటూరు లాండ్రీ: హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ నాది. 2024-25లో, ఆగస్టులో పాత వాషర్ అమ్మి, తర్వాత కొత్తది కొన్నాను. బిల్లు సెప్టెంబర్ 20దే, అయినా మా ఆడిటర్ సగం తరుగుదలే వేశాడు. ఆగస్టు దాకా వాడిన పాతదానికి ఐదు నెలలది కూడా ఇవ్వలేదు. ఇది సరైనదేనా?

కృష్ణాతీరం: బిల్లు తేదీ చూడరండీ, మెషిన్ పనిలోకి దిగిన తేదీ చూస్తారు. పూర్తి తరుగుదలకు మార్చి 31కి 180 రోజులు నిండాలి, అలా నిండాలంటే ఆ ఏడాది అక్టోబర్ 3కల్లా వాడకం మొదలవ్వాలి. ఇక అమ్మిన వాషర్‌కు నెలల లెక్క అంటూ ఉండదు. ఏ నెలలో అమ్మినా వచ్చిన డబ్బంతా బ్లాక్‌లోంచి, అంటే ఒకే రేటున్న ఆస్తులన్నిటి ఉమ్మడి లెక్కలోంచి, తగ్గిస్తారు. అంకెలు చెప్పండి.

గుంటూరు లాండ్రీ: ఏప్రిల్ 1న మెషినరీ బ్లాక్ 4 లక్షలు. పాతది 5.5 లక్షలకు పోయింది. కొత్తది జీఎస్టీ కాకుండా 9 లక్షలు. కరెంటు లోడు పెంచడం ఆలస్యమై అక్టోబర్ 20 నుంచి బట్టలు వేస్తున్నాం.

పాత లెడ్జర్: అసలు సంగతి వదిలేశారు. 4 లక్షల బ్లాక్‌లోంచి 5.5 లక్షలకు అమ్మారంటే లక్షన్నర లాభం. దానికి ట్యాక్స్ కట్టాలి. నేను కట్టాను.

కృష్ణాతీరం: వీరి విషయంలో కట్టక్కర్లేదు. అదే ఏడాది కొన్న 9 లక్షలు అదే 15 శాతం బ్లాక్‌లో కలిశాయి. 4కి 9 కలిపి 5.5 తీసేస్తే 7.5 లక్షలు మిగిలాయి. బ్లాక్ మైనస్‌లోకి పోలేదు కాబట్టి లాభం ప్రశ్నే రాదు.

పాత లెడ్జర్: సగం ఏడాది మెషిన్‌కు 9 లక్షలూ ఎలా కలుపుతారు? 4.5 లక్షలే కలపాలి.

కృష్ణాతీరం: సగమయ్యేది రేటు, ధర కాదు. అమ్మిన డబ్బు ముందు పాత 4 లక్షలను మింగేసింది. మిగిలిన లక్షన్నర కొత్తదాని ధరలోంచి పోతుంది. పూర్తి రేటుకు ఏమీ మిగల్లేదు, 7.5 లక్షలూ సగం రేటులోనే ఉన్నాయి. ఏడున్నర శాతం చొప్పున 56,250 రూపాయలు. ఆడిటర్ వేసింది ఇంతే అయితే ఆయన లెక్క తప్పు కాదు.

చిన్న ఆఫీసు: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మార్చి 28న లాప్‌టాప్ కొని అదే రోజు వాడటం మొదలుపెట్టాను. 40లో 20 శాతం వస్తుందా?

కృష్ణాతీరం: వస్తుంది. కంప్యూటర్ల బ్లాక్ వేరు.

పాత లెడ్జర్: పుస్తకం చూసి చెప్పడం తేలికే. నా ప్రెస్‌లో మెషిన్ అమ్మితే ఒక్క పైసా వదల్లేదు. లాభమని రాసి ట్యాక్స్ కట్టించారు. గుంటూరు ఆయనకో రూలు, నాకో రూలా?

కృష్ణాతీరం: కోప్పడకండి సార్. మీరు ఎప్పుడు అమ్మారు, ఎప్పుడు కొన్నారు?

పాత లెడ్జర్: ఫిబ్రవరిలో అమ్మాను, ఏప్రిల్‌లో కొన్నాను. మధ్యలో ఉగాదికి మంచిరోజని ఆగాం.

కృష్ణాతీరం: తేడా అక్కడే ఉంది. మార్చి 31కల్లా కొత్తది బ్లాక్‌లోకి రాలేదు. వచ్చిన డబ్బు బ్లాక్‌ను దాటిపోయింది, ఆ దాటినంత మేరకు స్వల్పకాలిక లాభమైంది. మార్చిలోనే కొని నడిపి ఉంటే, తరుగుదల సగమే వచ్చినా, ధర మొత్తం అడ్డుపడేది.

పాత లెడ్జర్: ఆ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదు. అమ్మేముందు నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మంచిరోజు కోసం ఆగినవాడి మీద ట్యాక్స్ వేయడం అన్యాయమనే ఇప్పటికీ అంటాను.

గుంటూరు లాండ్రీ: నా సంగతికి రండి. సెప్టెంబర్ 28న కంపెనీ ఇంజినీరు జనరేటర్ మీద డ్రమ్ము తిప్పి చూపించాడు. అదీ వాడకమే కదా? అప్పుడు 15 శాతం మీద 1,12,500 రావాలి.

కృష్ణాతీరం: ట్రయల్ రన్ కూడా వాడకమేనని కోర్టులు ఒప్పుకున్న కేసులున్నాయి. వాదించవచ్చు. కానీ ఖాళీ డ్రమ్ము తిప్పడం, ఒక లోడు ఉతికి చూడటం ఒకటి కావు. ఇంజినీరు రిపోర్టులో తేదీ, ఏం చేశాడో ఉన్నాయా?

తెనాలి లెక్కలు: నేనైతే ఒప్పుకోను. కరెంటు బిల్లులో అక్టోబర్ 20 తర్వాతే యూనిట్లు పెరిగి ఉంటాయి. అధికారి అడిగే మొదటి కాగితం అదే. పైగా ఆ సగం ఎక్కడికీ పోదు. 6,93,750 వచ్చే ఏడాదికి వెళ్లి దాని మీద పూర్తి 15 శాతం వస్తుంది.

కృష్ణాతీరం: జనరేటర్ మీద తిప్పారు కదండీ, కరెంటు బిల్లులో ఎలా కనబడుతుంది? డీజిల్ బిల్లు, ఇంజినీరు సంతకం ఉంటే బలమైన వాదనే.

తెనాలి లెక్కలు: ఉతికిన దుప్పటి ఒక్కటీ లేకుండా బలమైనదంటే ఎలా?

గుంటూరు లాండ్రీ: రిపోర్టు తీశాను. సెప్టెంబర్ 28, ‘బిగించి, తిప్పి చూశాం’ అని రాసి ఉంది. నా సంతకం ఉంది, ఇంజినీరు సంతకం చేసే చోట ఖాళీగా ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తున్నాను.