గేటు ముందు డ్రైన్ స్లాబ్: చువ్వలు పెంచాలా, మందం పెంచాలా?

రమణ_ఖమ్మం: డ్రైన్ లోపలి వెడల్పు 600 ఎం.ఎం. మేస్త్రి 750 పొడవు, 450 వెడల్పు, 100 మందంతో పలకలు పోస్తానంటున్నాడు. ఒక్కోదానికి 10 ఎం.ఎం. చువ్వలు నాలుగు. గేట్లోంచి నీళ్ల ట్యాంకర్ వస్తుంది. ఆగుతాయా?

సుబ్బారావు_మేస్త్రి: నాలుగు చాలవండీ. 12 ఎం.ఎం. ఆరు వేయించండి, భయం ఉండదు. ఇరవై ఏళ్లుగా పోస్తున్నాను.

లలిత_సైట్: ఆరు వేసినా లాభం లేదు సార్. ట్యాంకర్ వెనక చక్రాల మీద ఒక్కో పక్క సుమారు 5 టన్నులు పడుతుంది. అదంతా ఒకే పలక నడుమ పడిందనుకుంటే 100 మందానికి పైన కాంక్రీటే నలిగిపోతుంది. కింద ఎంత ఇనుమున్నా అంతే. చువ్వ కింద 25 కవర్, చువ్వ మందంలో సగం 5 పోతే చువ్వ నడిమి భాగం పలక పైఅంచుకు 70 దూరంలోనే ఉంటుంది కదా. మందం 150 చేస్తే ఆ దూరం 120 అవుతుంది, ఎం20 కాంక్రీటుతో ఆ నాలుగు 10 ఎం.ఎం. చువ్వలే సరిపోతాయి. నేనైతే 12 ఎం.ఎం.వి వేస్తా.

వెంకట్_తెనాలి: మా ఇంటి ముందు 150 మందమే వేశారు, ఇటుకల బండి ఎక్కగానే రెండు ముక్కలైంది. కాంట్రాక్టర్ సిమెంటు మింగాడు!

లలిత_సైట్: వెంకట్ గారూ, విరిగిన చోట చువ్వలు పైకి దగ్గరగా కనిపించాయా, కిందికా?

వెంకట్_తెనాలి: పైకే. పైనుంచి రెండు వేళ్ల లోతులో.

లలిత_సైట్: అయితే తిరగేసి పెట్టారు. చువ్వ కిందుంటే పలక నడుమ పగిలినా చువ్వ పట్టుకుని వేలాడేది, అలా రెండుగా ఊడిపడదు. పోసిన రోజే పైముఖం మీద గీత గీయాలి, ఎత్తే కొక్కేలు ఆ వైపే ఉండాలి.

సుబ్బారావు_మేస్త్రి: అమ్మా, లెక్కలు బానే చెప్తున్నారు. 150 మందం పలక ఎంత బరువో తెలుసా? 127 కిలోలు. 100దైతే 84, ఇద్దరు లేపుతారు. మా తమ్ముడు డ్రైన్లలో పూడిక తీసే పనే చేస్తాడు. లేవని పలక కింద మట్టి అట్టే ఉండిపోతుంది, వానకి నీళ్లు ఇళ్లలోకొస్తాయి. వాడి నడుం పోయింది ఇలాంటివి లేపే. మీ కాగితంలో అతను ఏడీ?

లలిత_సైట్: అది నేను ఆలోచించలేదు, నిజమే. కానీ పలచటిది విరిగి మనిషి కాలు అందులో పడితే?

సుబ్బారావు_మేస్త్రి: అందుకే గేటు ఎదురే మందంగా వేయండి, మిగతా వీధికి 100 చాలు.

లలిత_సైట్: అదీ ఒప్పుకుంటా. గేటు దగ్గర వెడల్పు 300కి తగ్గిస్తే 150 మందమున్నా 84 కిలోలే. వెనక జంట టైర్లు ఎలాగూ రెండు పలకల మీదికి వస్తాయి.

సుబ్బారావు_మేస్త్రి: అన్నిసార్లూ సరిగ్గా సగం సగం పడతాయా? మలుపు తీసుకునేటప్పుడు ఒకదాని మీదే బరువు. నాకు నమ్మకం లేదు.

రమణ_ఖమ్మం: గేటు 2.4 మీటర్లు. 300 వెడల్పువైతే ఎనిమిది. 12 ఎం.ఎం. ఎన్నేసి వేయమంటారు, మూడా నాలుగా?