అప్‌డేట్: మా కాలనీ సంఘం పేరు ఖరారైంది

నా ప్రశ్న: "సాయినగర్ వెల్ఫేర్ అసోసియేషన్ అనే పేరు సొసైటీగా రిజిస్టర్ అవుతుందా?"

ఆ పేరుతో కాలేదు. మాది తెలంగాణ. ఇక్కడ 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేస్తారు. ఇప్పటికే ఉన్న సంఘం పేరును పోలినట్టుంటే ఒప్పుకోరు. సాయినగర్‌లు ఊరూరా ఉన్నాయి కదా! ముందు శ్రీ చేర్చినా లాభం లేదు, తేడా స్పష్టంగా కనిపించాలి. అందుకే ఫేజ్, గ్రామం పేర్లు కలిపాం, ఆమోదించారు.

మా సెక్రటరీ గారు "మహాత్మాగాంధీ" పేరు పెడదామన్నారు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం జాబితాలో ఆ పేరుంది. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా వాడకూడదు. ప్రభుత్వ సంస్థ అనిపించే పేర్లకూ అదే అడ్డు.

ఇప్పుడు పాన్‌కు అప్లై చేస్తున్నాం. సర్టిఫికెట్‌లోని స్పెల్లింగే అందులోనూ ఉండాలి, లేకపోతే బ్యాంకు ఖాతా దగ్గర టెన్షన్.