“రెండు ఫొటోల ఉమ్మడి విచలనం”: మాట తప్పా, అంకె తప్పా?

పలాస సభ్యుడు: మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు తెలుగులో రాస్తోంది. రెండు ట్రేలలో జీడిపప్పు గుండ్లు పరిచి, పక్కన స్కేలు పెట్టి, పైనుంచి ఫొటోలు తీసి, వాటి మీద పొడవులు కొలిచింది. మొదటి ఫొటోలో 30 గుండ్లు, సగటు 26 మిల్లీమీటర్లు, విచలనం 2. రెండో దాంట్లో 10 గుండ్లే, సగటు 22, విచలనం ఇక్కడా 2. “రెండు ఫొటోల ఉమ్మడి విచలనం 2” అని రాస్తే, గైడు “ఉమ్మడి” కింద ఎర్ర గీత కొట్టారు. ఏం రాయాలండీ?

రాజాం: ఇంటర్ పుస్తకంలో “ప్రామాణిక విచలనం” అని ఉంటుంది. ఉత్త విచలనం అంటే చాలదు. గీత అందుకే.

పలాస సభ్యుడు: గీత ఉన్నది “ఉమ్మడి” కిందండీ.

బొబ్బిలి: 26కీ 22కీ మధ్య 24, అది సగటు. విచలనం రెండింటికీ 2 కాబట్టి కలిపినా 2. ఇందులో తికమక ఏటి?

సోంపేట: మేం పొడవులు చూడం బాబూ. పౌనుకి ఎన్ని గుండ్లు తూగాయన్నదే లెక్క. 320 రకం కన్నా 240 రకం పెద్దది. ఈ ట్రేలో రెండు రకాలూ కలిసిపోయినట్టున్నాయి.

టెక్కలి మాస్టారు: సోంపేట వారు లెక్క వేయకుండానే అసలు సంగతి చెప్పేశారు. రెండు రకాలు కలిస్తే కుప్పలో తేడాలు పెరగాలి కదా, 2 దగ్గరే ఎలా ఆగుతాయి?

ముందు సగటు. 30 గుండ్లు 26 చొప్పున 780, పది గుండ్లు 22 చొప్పున 220. మొత్తం 1000, దాన్ని 40తో భాగిస్తే 25. గుండ్లు ఎక్కువున్న ఫొటో వైపు సగటు జరిగింది.

ఇక విచలనం. ఆ 2 అనేది ప్రతి గుంపునూ దాని సొంత సగటు నుంచి కొలిచినది. ఇప్పుడు అందరినీ 25 నుంచి కొలవాలి. మొదటి గుంపు సగటు దానికి 1 దూరంలో ఉంది, రెండోది 3 దూరంలో ఉంది. గుంపుల లోపలి తేడా వర్గాల్లో 4. గుంపుల మధ్య తేడాకు 30 సార్లు 1, పది సార్లు 9, వెరసి 120. 40తో భాగిస్తే 3. నాలుగూ మూడూ ఏడు. దాని వర్గమూలం 2.65. అమ్మాయి ఆ రెండు 2లనూ ఎక్సెల్‌లో `STDEV.S`తోనే తీసి ఉంటే, నలభైకీ అదే వాడితే 2.64 వస్తుంది, ఎందుకంటే అది గుండ్ల సంఖ్యలోంచి ఒకటి తగ్గించి భాగిస్తుంది. విడి కొలతలు దగ్గరుంటే నలభై అంకెలూ ఒకే వరుసలో పెట్టి చూసుకోవచ్చు, సూత్రమే అక్కర్లేదు.

రాజాం: అయితే అమ్మాయి రాసిన 2 పూర్తిగా తప్పేనా?

టెక్కలి మాస్టారు: కాదు, అక్కడే చిక్కు. రెండు గుంపుల సగటులను పోల్చేటప్పుడు లోపలి తేడాలను మాత్రమే కలుపుతారు. అప్పుడు 2 సరైనదే. అంతా ఒకే కుప్ప అనుకుంటే 2.65, `STDEV.S` లెక్కలో 2.64. మనం రెండింటినీ “ఉమ్మడి” అనేస్తున్నాం. నేనైతే మొదటిదాన్ని “గుంపుల లోపలి విచలనం” అనీ, రెండోదాన్ని “మొత్తం 40 గుండ్ల విచలనం” అనీ రాయిస్తాను.

రాజాం: మొదటిది ఒప్పుకోను, మరీ పొడుగు. “అంతర్గత” చాలు.

చీపురుపల్లి: నాది ఫొటో స్టూడియో. ఒక్క మాట. రెండు ఫొటోలూ ఒకే ఎత్తు నుంచి తీశారా? కెమెరా కాస్త దగ్గరైతే గుండు పెద్దదై కనిపిస్తుంది. స్కేలు రెండింటిలోనూ ఉందా, ఒకదాంట్లోనే పెట్టి రెండోదానికీ అదే కొలత వాడారా?

టెక్కలి మాస్టారు: మంచి ప్రశ్న. అలా జరిగి ఉంటే ఆ 4 మిల్లీమీటర్ల తేడాలో కొంత కెమెరాదే అవుతుంది, అది తిన్నగా మొత్తం విచలనంలోకి ఎక్కుతుంది. స్కేలు మీద 10 సెంటీమీటర్లు ఒక్కో ఫొటోలో ఎన్ని పిక్సెళ్లో చూడండి. వేరుగా ఉంటే దేని కొలత దానికే వాడాలి. ఫొటో పొడవులు సరిచేస్తే సగటు, విచలనం రెండూ అదే నిష్పత్తిలో మారతాయి. సగటు ఒక్కటే దిద్ది వదిలేయకూడదు.

బొబ్బిలి: అయినా నా 24ను అంత తేలిగ్గా తీసేయకండి మాస్టారూ. రెండు ట్రేలూ రెండు బస్తాల నుంచి వచ్చి, బస్తాలు సమానమైతే? ట్రేలో పది పట్టాయి కాబట్టి ఆ బస్తాకు పావు వాటా ఇవ్వడం న్యాయమా?

టెక్కలి మాస్టారు: రెండు బస్తాల్లోనూ గుండ్ల సంఖ్య సమానమైతే మీదే రైటు. సగటు 24. దానికి రెండు గుంపులూ చెరో 2 దూరం, వర్గాల్లో 4. లోపలి 4 కలిపితే 8, విచలనం 2.83. తూకం సమానమైతే మాత్రం మళ్లీ వేరే లెక్క, చిన్న గుండ్లు అదే బరువుకి ఎక్కువ తూగుతాయి కదా. ఫొటోలో పడ్డ 40 గుండ్ల గురించి చెబుతున్నామా, సరుకు గురించి చెబుతున్నామా అన్నది ఆ వాక్యంలోనే కనిపించాలి.

పలాస సభ్యుడు: స్కేలు రెండు ఫొటోల్లోనూ ఉంది, అది నేను చూశాను. బస్తాల సంగతి తెలీదు. అమ్మాయి కాలేజీ నుంచి రాగానే ఏ ట్రే ఎక్కడి నుంచి నింపిందో అడిగి ఇక్కడే పెడతాను.